పద్దెనిమిది నెలల సర్వీసు

ప్రిసిల్లాకు తండ్రి నుంచి సంక్రమించినవి రెండే రెండు. ఒకటి చిలకలగూడలో రెండు గదులూ ఒక వరండా ఉన్న ఇల్లు. రెండోది మస్టర్ రోల్ మీద భక్తి. ఇల్లు ఇంకా ఆయన పేరునే ఉంది కాబట్టి దాన్ని సంక్రమించింది అనడం కాస్త తొందరపాటే. భక్తి మాత్రం నిఖార్సుగా ఆమెదే. ఆ రెండోది లేకుంటే మొదటిది దక్కేదని ఆమెకు తెలిసేసరికి చేయగలిగిందేమీ మిగల్లేదు.

తండ్రి దేవసహాయం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున హాజరు పట్టీలో, అంటే వాళ్ల భాషలో మస్టర్‌లో, పేరు పడ్డాక సాయంత్రం సైరన్ మోగేదాకా షెడ్డు దాటి టీకి కూడా పోని బాపతు. తోటివాళ్లు ఒకరి హాజరు ఒకరు వేసుకుని సినిమాకు పోతుంటే ఈయన ఒక్కడే బోల్టులు బిగిస్తూ కూర్చునేవాడు. ఇంటికొచ్చి అన్నం ముందు ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక ఒక మాట తప్పకుండా చెప్పేవాడు. "పని చెయ్యనోని పేరు మస్టర్ల ఉంటే అది దొంగతనమే బిడ్డా. దేవుడు సుత మస్టర్ చూస్తడు." తల్లి లేని పిల్ల. ఆ మాటలు విని విని, ప్రభువు ప్రార్థనలో అదీ ఒక ముక్క అనుకుంటూ పెరిగింది.

పెళ్లయ్యాక భర్త శాంతికుమార్‌ది వేరే దారి. మంచివాడు, మాటకారి, పాటగాడు, లెక్కల్లో మాత్రం సున్నా. ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు పెట్టాడు. పెద్ద మిషను కొంటానంటే దేవసహాయం ఇంటి కాగితాలు తీసి, బ్యాంకులో తాకట్టు పెట్టుకొమ్మని అల్లుడి చేతిలో పెట్టాడు. మిషను వచ్చింది. ఎన్నికలప్పుడు రాత్రింబగళ్లు నడిచింది. ఎన్నికలయ్యాక ఓడినవాళ్లు డబ్బు లేదన్నారు, గెలిచినవాళ్లు ఫోనెత్తలేదు. వాయిదాలు ఆగాయి, బ్యాంకు నోటీసులు మొదలయ్యాయి. ఆ దిగులుతోనే కావచ్చు, ఒకరోజు షాపు షట్టర్ ఎత్తబోతూ శాంతికుమార్ కుప్పకూలాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దగా మిగిలింది. చర్చి కొయిర్‌లో ముందు వరుసలో నిలబడి పాడిన మనిషి గుక్కెడు నీళ్లడగడానికి చెమటలు కక్కేవాడు.

అప్పటికి ప్రిసిల్లా బేగంపేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. అమెరికా కంపెనీకి ఇక్కడి ఆఫీసు. ఆమె పని అక్కడి కస్టమర్ల ఫిర్యాదులు వినే జట్టుకు పెద్దగా ఉండటం. సాయంత్రం క్యాబ్ వస్తుంది, తెల్లవారుజామున దింపుతుంది. చేరినప్పుడు జీతంతో పాటు నాలుగు వందల ఎనభై స్టాక్ యూనిట్లు ఇస్తామన్నారు. ఒక యూనిట్ చేతికొస్తే కంపెనీలో ఒక షేరు వచ్చినట్టే. శిక్షణ గదిలో కూర్చున్న ఇరవై మందీ ఫోన్లు తీసి, పేజీలు పైకి తోసి, అడుగున ఉన్న 'అంగీకరిస్తున్నాను' నొక్కారు. ఆమె కూడా నొక్కింది. ఆ కాగితాలు చదివే మనిషి ఇండియాలో ఇంకా పుట్టలేదు.

నాలుగు వందల ఎనభైలో మొదటి ఏడాది ఒక్కటీ రాదు. ఏడాదికి ఒక్క రోజు ముందు మానేసినా చేతిలో సున్నా. దాన్ని వాళ్లు క్లిఫ్ అంటారు. ఏడాది దాటితే ఒకేసారి పావు వంతు, అంటే నూట ఇరవై, సొంతమవుతాయి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి అరవై చొప్పున, నాలుగేళ్లకు మొత్తం. ఇంతవరకు ఆఫీసులో అందరికీ కంఠోపాఠం. ఏడాదిన్నరకు నూట ఎనభై అని క్యాంటీన్ కుర్రాడిని అడిగినా చెబుతాడు.

మొదటి నూట ఇరవై వచ్చినప్పుడు ఆమె వాటిని కళ్లారా చూసుకోనైనా లేదు. అమ్మి, పన్ను పోగా వచ్చింది తీసుకెళ్లి బ్యాంకు మేనేజరు ముందు పెట్టింది. అది చూసి బ్యాంకు రాజీకి దిగింది. వడ్డీ చాలావరకు వదిలేస్తామని, మిగిలినది మార్చి ముప్పై ఒకటిలోగా కట్టాలని. కడితే కాగితాలు వెనక్కి ఇస్తారు. కట్టకపోతే రాజీ రద్దు, వదిలిన వడ్డీ మళ్లీ నెత్తిన, ఇల్లు వేలం. బంగారం పోయింది, మిషను పాత ఇనుము ధరకు పోయింది, చుట్టాలూ చర్చి సంఘంలోవాళ్లూ తలా కొంత చేయి వేశారు. ఇంకా నాలుగున్నర లక్షలు తక్కువ. లెక్కేసి చూస్తే, తర్వాత రాబోయే అరవై యూనిట్లూ పన్ను పోగా సరిగ్గా అంతే. దేవుడు కొలిచి పోసినట్టుంది అనుకుంది. దేవుడి మీద ఆమెకు అప్పటికి ఏ అనుమానమూ లేదు.

పగలు చూసుకునే ఆయమ్మ సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతుంది. ప్రిసిల్లా క్యాబ్ ఐదున్నరకే వస్తుంది. అక్కణ్ణుంచి తెల్లవారేదాకా శాంతికుమార్‌కు దిక్కు డెబ్భై నాలుగేళ్ల మామగారు. పగటి షిఫ్టు అడిగితే, అమెరికాలో పగలు మనకు రాత్రి కదా అని నవ్వారు. అందుకే ఆమె పథకం వేసుకుంది. పద్దెనిమిది నెలలు నిండేదాకా పళ్లబిగువున లాగాలి. అరవై తీసుకోవాలి. ఇల్లు విడిపించాలి. ఆ తర్వాత మానేసి వరండాలో ట్యూషన్లు పెట్టుకోవాలి. పెళ్లికి ముందు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషే. వరండా ఉంటే చాలు, ముగ్గురూ బతికిపోతారు. వరండా అంటే ఇల్లు. ఇల్లు అంటే ఆ అరవై.

చేరింది సెప్టెంబర్ ఒకటిన. తండ్రి క్యాలెండర్ ముందు నిలబడి వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టాడు.

"ఫిబ్రవరి ఆఖరుకు పద్దెనిమిది నిండుతయ్. మార్చి ఒకటి దాటినంక పోతే నీ సర్వీసు పక్కా."

"నేనూ అంతే అనుకున్నా డాడీ. రెండు నెలల నోటీసు గదా, జనవరి పదిహేడున రాజీనామా పెడితే మార్చి పదిహేడుకి వదుల్తరు."

"సర్వీసు అంటే జాయినైన రోజు నుంచే. ముప్పై ఎనిమిదేండ్లు చేసిన, నాకు తెల్వదా?"

ఆయనకు తెలిసింది రైల్వే సర్వీసు. పెన్షనైనా ఇంక్రిమెంటైనా అక్కడ జాయినింగ్ తేదీయే బైబిలు. తండ్రీకూతుళ్లిద్దరికీ వేరే తేదీ ఒకటి ఉండగలదన్న ఊహ కూడా రాలేదు. నిజానికి ఒక సూచన కళ్ల ముందే పోయింది. మొదటి నూట ఇరవై ఖాతాలో కనబడింది సెప్టెంబర్ ఒకటిన కాదు, ఆ నెల నడిమధ్యలో. ప్రిసిల్లా దాన్ని ఆలస్యం అనుకుంది. ఒకటో తారీఖు జీతం ఒక్కోసారి మూడోనాడు పడదూ, అలాగే అమెరికా నుంచి రావద్దూ అని సర్దిచెప్పుకుంది.

జనవరిలో రాజీనామా పెట్టింది. ఫిబ్రవరి మూడో వారంలో శాంతికుమార్ పడ్డాడు.

సాయంత్రం మామగారు మందులకని మెడికల్ షాపుకి వెళ్లిన పది నిమిషాల్లో, తనంతట తాను బాత్రూమ్‌కి పోవాలని లేచి గడప మీద పడ్డాడు. దేవసహాయం వచ్చి లేపబోయి లేపలేక, నేల మీదే అల్లుడి తల ఒళ్లో పెట్టుకుని, పక్కింటివాళ్లు వచ్చేదాకా కూర్చున్నాడట. కనుబొమ మీద ఐదు కుట్లు. ప్రిసిల్లా హెడ్‌ఫోన్లు తీసి పరుగెత్తుకొచ్చేసరికి భర్త గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "సారీ" అన్నాడు. ఆ ఒక్క మాటా స్పష్టంగా వచ్చింది. ఆమెకు ఇక ఆ ఇంటి గడప దాటి ఒక్క సాయంత్రం కూడా వెళ్లలేననిపించింది.

మర్నాడు మేనేజర్ సుబ్బరాజు దగ్గరికి వెళ్లింది. హెచ్‌ఆర్‌లో పనిచేసే బ్యూలా కూడా వచ్చి కూర్చుంది. బ్యూలాది సైనిక్‌పురి. ఇద్దరిదీ ఒకే చర్చి కాకపోయినా క్రిస్మస్‌కి కేకులు ఇచ్చిపుచ్చుకునే స్నేహం. సుబ్బరాజు భీమవరం వైపు మనిషి. పైకి గరుకుగా ఉంటాడు గానీ లోపల మెత్తన.

"మీకు సెలవులు ఎన్నున్నాయండీ?" అని అడిగాడు.

"పద్నాలుగున్నయ్ సార్."

"ఇంకేం, చివరి పద్నాలుగు రోజులూ హాయిగా సెలవు పెట్టుకుని ఇంట్లో ఉండండి. పదిహేడో తారీఖున వచ్చి ల్యాప్‌టాప్ ఇచ్చేసి వెళ్దురుగాని."

బ్యూలా ఇబ్బందిగా కదిలింది. "సార్, నోటీసులో ఉన్నప్పుడు లీవ్ ఇయ్యొద్దని రూల్ ఉంది గదా."

"ఉంటే ఉందమ్మా. నేను మెయిల్ పెడతాను, నువ్వు కళ్లు మూసుకో. ఆవిడ మొగుడు పడిపోయి ఉంటే రూలేంటి మధ్యలో?"

"సరే సార్. మీరు రాస్తే నేను ఆపను. లేదంటే ఇంకో పద్ధతుంది అక్కా. నీ లీవుల్ని నోటీసులో తగ్గించుకోవచ్చు. అడ్జస్ట్ చేస్తే జల్దీ రిలీవ్ చేస్తం. అది రూల్ ప్రకారమే, ఎవరికీ తక్లీఫ్ లేదు. అందరూ అట్లనే చేస్తరు."

రెండు దారులు. రెండింట్లోనూ ఆమె చేసేది ఒకటే, ఇంట్లో కూర్చుని భర్తను చూసుకోవడం. ఒక దారిలో మార్చి పదిహేడు దాకా పేరు కంపెనీ పట్టీలో ఉంటుంది. రెండో దారిలో ముందే తీసేస్తారు. తేడా అంతే. సుబ్బరాజు ఇచ్చిన దారి చేతికందిన పండు. దాన్ని పుచ్చుకోవడానికి నోరు తెరిచి "సరే" అంటే చాలు.

ప్రిసిల్లా నోరు తెరిచింది. ఆ నోట్లోంచి దేవసహాయం మాట్లాడాడు.

"వద్దు సార్. పనికి రాకుండా పేరుంచుకునుడు నాకు నచ్చదు. నాకోసం మీరు రూల్ తప్పొద్దు, రేపు మిమ్మల్ని అడుగుతరు. అడ్జస్టే చేసెయ్ బ్యూలా. పద్దెనిమిది నెలలు మాత్రం నిండాలె. మార్చి మూడుకి రిలీవ్ చేయుండ్రి."

"పద్దెనిమిది ఎందుకు?" అని బ్యూలా అడిగింది.

"స్టాక్ ఉంది గదా."

"ఆ, అవునవును" అంది బ్యూలా. బ్యూలా చూసేది జీతాలు, సెలవులు. స్టాక్ వ్యవహారం అంతా అమెరికాలో ఉన్న జట్టుదీ, బ్రోకర్ వెబ్‌సైటుదీ. ఆమె తెలిసి దాచిందేమీ లేదు, పాపం. మార్చి మూడు అంటే ఒకటి దాటింది కదా అని ఆమె కూడా వేళ్లు మడిచి చూసి తృప్తి పడింది. మూడు రోజులు ఫైలు పట్టుకుని తిరిగి మరీ అనుమతి సంపాదించింది. ఆ కొద్ది రోజులూ సాయంత్రాలు పక్కింటివాళ్లు తోడున్నారు.

మార్చి మూడున పగలే పిలిచి కేక్ కోశారు. సుబ్బరాజు రెండు ముక్కలు మాట్లాడబోయి ఆపి, కేక్ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి తండ్రి వరండా కడిగి ఉంచాడు. పాత నల్లబల్ల ఒకటి ఎక్కడో సంపాదించి గోడకు ఆనించాడు. ఆ రాత్రి ముగ్గురూ కలిసి అన్నం తిన్నారు. ఎన్ని నెలల తర్వాతో! శాంతికుమార్ ఎడమ చేత్తో తనంతట తానే తిన్నాడు. ప్రార్థన చివర తండ్రి "మా బిడ్డ సర్వీసును చెడ్డపేరు లేకుండ ముగించినవ్ ప్రభువా" అని కృతజ్ఞతలు చెప్పాడు. ఆ పూట ఆమె నిజంగా సంతోషపడింది. తర్వాత తలుచుకుంటే ఆ సంతోషానికే ఎక్కువ ఏడుపొచ్చేది.

వారం గడిచాక స్టాక్ ఖాతా తెరిచింది. సొంతమైనవి నూట ఇరవై అని ఉంది. అవి ఎప్పుడో అమ్ముకున్నవి. కింద, రద్దయినవి మూడు వందల అరవై. మధ్యలో ఆమె అరవై ఎక్కడా లేవు.

వెబ్‌సైటు తప్పనుకుంది. మూసి తెరిచింది. తండ్రి ఫోన్లో చూసింది. నూట ఇరవై.

బేగంపేట ఆఫీసుకు వెళితే గేటు దగ్గర కుర్రాడు "నమస్తే మేడమ్" అని, ఆమె కార్డు పనిచేయదు కాబట్టి సందర్శకుల స్టిక్కర్ రాసి చీరకు అంటించాడు. బ్యూలా మీటింగ్ గదిలోకి తీసుకెళ్లి ఆమె ఒప్పంద పత్రం తెరిచింది. ఇద్దరూ జీవితంలో మొదటిసారి దాన్ని చదివారు. చదువుతూ చదువుతూ బ్యూలా వేలు ఒకచోట ఆగిపోయింది.

"అక్కా, నీ లెక్క షురూ అయింది సెప్టెంబర్ ఒకటి నుంచి కాదు. పదిహేను నుంచి."

"నేను జాయినైంది ఒకటినే గదా?"

"సర్వీసుకు ఒకటే. స్టాక్‌కు ఆ నెల పదిహేను. ఆ నెలల ఎవరు ఏ రోజు చేరినా పదిహేనే. అంటే ఏడాది క్లిఫ్ నిండింది మళ్లీ సెప్టెంబర్ పదిహేనుకు. అప్పుడు నూట ఇరవై వచ్చినయ్ చూడు. తర్వాతి అరవై మార్చి పదిహేనున." బ్యూలా గొంతు తగ్గిపోయింది. "ఆ రోజు పట్టీల నీ పేరుండాలె."

"ఐదున్నర నెలలు చేసిన గదా బ్యూలా దాంట్ల. అరవైల ఏదో ఒక భాగం రావాలె గదా?"

"రాదక్కా. ముక్కలు చేసి ఇయ్యరు. ఆరు నెలలూ నిండి, ఆ తారీఖున ఉద్యోగంల ఉంటే అరవై. ఒక్క రోజు తక్కువైనా సున్నా."

పక్క కుర్చీలో ల్యాప్‌టాప్ పని చూసుకుంటున్న ఆశీష్ అనే కుర్రాడు తలెత్తాడు. ప్రిసిల్లా జట్టులో పనిచేసినవాడే. "నా పాత కంపెనీలో నెలనెలా ఇచ్చేటోళ్లు మేడమ్. ఏడాదికి పావు వంతు, తర్వాత ప్రతి నెలా పది. అట్లైతే మీకు పదిహేడు నెలలు నిండినట్టు లెక్క, నూట డెబ్భై వచ్చేవి" అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు. బ్యూలా వాడివైపు ఒక చూపు చూసేసరికి ల్యాప్‌టాప్ పట్టుకుని బయటికి పోయాడు.

ప్రిసిల్లా నెమ్మదిగా అడిగింది. "సుబ్బరాజు సార్ చెప్పినట్టు లీవుల ఉంటే?"

బ్యూలా ఒప్పంద పత్రం మూసేసింది. వేరే జవాబు అక్కర్లేదు. లీవులో ఉన్న మనిషి ఉద్యోగంలో ఉన్న మనిషే. అదే మంచం పక్కన, అదే కుర్చీలో, అదే గంజి కలుపుతూ కూర్చుని ఉంటే చాలు, మార్చి పదిహేనున అరవై యూనిట్లు ఆమెవి. రెండు దారుల్లో ఒకదానికి ఇల్లు ఉంది, ఒకదానికి లేదు. ఆమె ఏరికోరి లేనిదాన్ని బతిమాలి తెచ్చుకుంది.

"ఇయ్యాల పదకొండే గదా" అంది ప్రిసిల్లా. "ఇంకా పదిహేను రాలేదు. మళ్లీ పట్టీలో రాసెయ్యరాదూ? నేను రేపట్నుంచి వస్తా. రాత్రి షిఫ్టే చేస్తా. డాడీని ఎట్లనో..."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పని లేకుండా పేరు ఉండకూడదన్న మనిషి, పేరు కోసం చేతులు పట్టుకుంటోంది.

సుబ్బరాజు వచ్చాడు. విన్నాడు. కుర్చీలో కూర్చోకుండానే అమెరికాకు పెద్ద ఉత్తరం రాశాడు, ఆమె భర్త సంగతి, సెలవుల సంగతి, తను ఇవ్వజూపిన సంగతి, అన్నీ. రిలీవింగ్ తేదీ మార్చమని వేడుకున్నాడు. జవాబు రెండు రోజులకు వచ్చింది. మర్యాదగానే ఉంది. ఉద్యోగం ముగిసిన రోజునే మిగిలిన యూనిట్లు రద్దయి కంపెనీకి తిరిగి చేరాయనీ, తేదీ ఉద్యోగి స్వయంగా కోరి రాతపూర్వకంగా ఒప్పుకున్నదేననీ, దాన్ని మార్చే వీలు నిబంధనల్లో లేదనీ, ఆమె కుటుంబానికి శుభాకాంక్షలనీ రాశారు. ఒకవేళ మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నా అది కొత్త ఉద్యోగమే, పాత అరవై బతికి రావు. ఫోన్లో ఇది చదివి వినిపిస్తూ సుబ్బరాజు అన్నాడు. "నేను గట్టిగా చెప్పాల్సిందండీ ఆ రోజు. మీరు వద్దంటే పెద్దమనిషి తరహా అనుకుని ఊరుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది."

పదిహేనో తారీఖు వచ్చి పోయింది. ఆ రోజు ఆమె పొద్దుణ్ణుంచి భర్త మంచం పక్కనే ఉంది. మరెక్కడికీ కదల్లేదు.

మిగతా రోజుల్లో తిరగని చోటు లేదు. ఉద్యోగం లేనివాళ్లకు బ్యాంకులు అప్పివ్వవు. చుట్టాలు ఇచ్చిందే మళ్లీ ఎలా ఇస్తారు? రాజీ గడువు నెల పొడిగించమంటే బ్యాంకు మేనేజరు నరసరాజు, మంచివాడే, ఇప్పటికే రెండుసార్లు పొడిగించిన కాగితం తీసి చూపించి చేతులు జోడించాడు. పీఎఫ్ రావడానికి ఇంకా గడువుంది, వచ్చినా సగానికి చాలదు. మునిగేవాడికి గడ్డిపోచ అంటారు గానీ ఆ పోచ కూడా ఎక్కడా తగల్లేదు.

తండ్రికి మాత్రం చెప్పలేదు. ఆయన రోజూ అడుగుతూనే ఉన్నాడు, "అమెరికా పైసలు పడ్డయా బిడ్డా?" అని. "వస్తయ్ డాడీ" అంటూ వచ్చింది. దొంగతనం ఎరగని నోటికి అబద్ధం కూడా సరిగా పట్టుబడదు. ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చింది.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "చెప్పు" అన్నాడు.

చెప్పింది. పదిహేను సంగతి, సుబ్బరాజు ఇస్తానన్న సెలవు, తను వద్దన్న మాట, అన్నీ వరసగా చెప్పింది. ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. "మంచి పని చేసినవ్ బిడ్డా, ఇల్లు పోతే పోయింది" అంటాడు. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ చెప్పడానికి భయపడింది, ఆ ఒక్క మాట కోసమే చెప్పేసింది కూడా. అది కూడా దక్కకపోతే ఆమె దగ్గర ఇంకేం మిగిలినట్టు?

దేవసహాయం లేచి నల్లబల్ల మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"లీవ్ ఇస్తనంటే వద్దన్నవా?"

"నువ్వే చెప్పినవ్ గదా డాడీ. పని చెయ్యనోళ్ల పేరు మస్టర్ల ఉండొద్దని."

"నేను చెప్పింది రైల్వేకు బిడ్డా" అన్నాడు ముసలాయన. గొంతు లేవలేదు. "రైల్వే నాకు క్వార్టర్ ఇచ్చింది. మీ అమ్మ రోగానికి హాస్పిటల్ ఇచ్చింది. ఇయ్యాల్టికి సుత పెన్షన్ ఇచ్చి అన్నం పెడుతుంది. దానికి నేను నమ్మకంగ ఉన్న. వీళ్లు నీకేమైతరే? ఒక్క తారీఖు తప్పితే నిన్ను గుర్తుపట్టనోళ్లు. వాళ్లకెందుకు చేసినవ్ అంత నిజాయితీ?"

నలభై ఒక్కేళ్లుగా ప్రిసిల్లా తన కాళ్ల కింద ఉందనుకున్న నేల అది. ఆయనే దాన్ని ఒక్క మాటతో లాగేశాడు. ఏడ్వడానికి కూడా ఎటు తిరగాలో తెలియక లోపలికి పోయి శాంతికుమార్‌కు ఒళ్లు తుడవడం మొదలుపెట్టింది. అతను అంతా విన్నాడు. ఎడమ చేయి ఎత్తి ఆమె తల మీద పెట్టాలని చూశాడు, అది చెవి దాకానే వచ్చింది.

కాసేపటికి బయట ఏదో గీసుకుంటున్న చప్పుడైతే తొంగి చూసింది. తండ్రి పనిముట్ల పెట్టె తెరిచి, గేటు పక్కన స్టూలు వేసుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నాడు. గేటు స్తంభం మీద చిన్న ఇత్తడి పలక. 'ఎం. దేవసహాయం, రైల్వే ఫిట్టర్.' రిటైరైన ఏడాది తన చేత్తో చెక్కి బిగించుకున్నది. ఒక స్క్రూ అప్పటికే ఊడి కింద పడి ఉంది. పలక పక్కకు వాలి ఉంది.

"ఏం చేస్తున్నవ్ డాడీ?"

"బ్యాంకోళ్లు వచ్చి పీకేదాకా ఎందుకు? మనది కాని ఇంటి మీద మన పేరెందుకు బిడ్డా? మనంతట మనమే తీస్కుంటే మర్యాద."

అచ్చం తనే. ఆ రోజు సుబ్బరాజు గదిలో కూర్చున్నది తనే, ఈ రోజు స్టూలు మీద నిలబడింది తనే. ప్రిసిల్లా చెప్పుల్లేకుండానే పరుగెత్తి తండ్రి చెయ్యి పట్టుకుంది. స్క్రూడ్రైవర్ లాక్కుంది. కింద పడిన స్క్రూ వెతికి తీసి, మళ్లీ రంధ్రంలో పెట్టి తిప్పడం మొదలుపెట్టింది.

"ఇంకా ముప్పై ఒకటి రాలేదు" అంది. "తారీఖు దాకా ఉండనీ డాడీ. ఇదన్నా తారీఖు దాకా ఉండనీ."